పదో కిలోమీటరు దగ్గర కడుపు మెలిపెడితే తప్పు ఎక్కడ జరిగినట్టు?

లాంగ్ రన్ మొదలై గంట దాటుతుంది. కాళ్లు బాగానే ఉంటాయి, ఊపిరి కూడా బాగానే ఆడుతుంటుంది, కానీ బొడ్డు కింద ఏదో మెలితిరిగినట్టు అవుతుంది. మొదటిసారి వచ్చి దానంతటదే తగ్గిపోతుంది. రెండు మూడు నిమిషాలకి మళ్లీ వస్తుంది, ఈసారి కాస్త గట్టిగా. ఇంకోసారి వచ్చేసరికి పేస్ ఎంత, ఇంకా ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయి అనే లెక్కలన్నీ మర్చిపోయి కళ్లు టాయిలెట్ కోసం వెతకడం మొదలుపెడతాయి. ఇది కొత్తగా పరిగెత్తేవాళ్లకి మాత్రమే వచ్చే కష్టం కాదు. 2005 లండన్ మారథాన్‌లో బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ చివరి మైళ్లలో కెమెరాలు చూస్తుండగానే రోడ్డు పక్కన ఆగాల్సి వచ్చింది. ఆగి, లేచి, మళ్లీ పరిగెత్తి 2 గంటల 17 నిమిషాల 42 సెకన్లలో రేసు గెలిచింది కూడా. అంటే బాగా తయారైన శరీరానికి కూడా ఇది తప్పదు.

ఇలా జరిగినప్పుడు చాలామంది చెప్పే మాట ఒకటే: "పొద్దున తిన్న అరటిపండు పడలేదు." చాలాసార్లు ఈ నింద తప్పు మనిషి మీద వేసినట్టే. నోట్లో పెట్టిన ఆహారం మలంగా బయటికి వచ్చే దాకా మామూలుగా ఒక రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. గంటన్నర క్రితం తిన్న అరటిపండు ఆ సమయానికి జీర్ణాశయంలోనో చిన్నపేగులోనో ఉంటుంది, బయటికి రావడానికి దానికి ఇంకా చాలా దారి ఉంది. తొందరపెడుతున్నది నిన్నటిదో మొన్నటిదో. మరి అరటిపండుకి ఏ పాత్రా లేదా అంటే ఉంది, కానీ అది వేరే పాత్ర: జీర్ణాశయంలోకి ఏదైనా దిగగానే పెద్దపేగుకి "వెనకాల కొత్త సరుకు వస్తోంది, చోటు చెయ్యి" అని సంకేతం వెళ్తుంది, పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. పొద్దున టిఫిన్ తిన్న అరగంటకి చాలామందికి టాయిలెట్‌కి వెళ్లాలనిపించేది అందుకే. కాబట్టి పొద్దున తిన్నది తోసేది మాత్రమే, బయటికి వచ్చేది కాదు. ఈ ఒక్క తేడా అర్థమైతే భోజనం టైమింగ్ గురించి మిగతా అంతా దాని వెనకే వస్తుంది.

ఇప్పుడు రెండో విషయం, రక్తం. కూర్చుని ఉన్నప్పుడు గుండె పంప్ చేసే రక్తంలో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పేగులు, కాలేయం వైపు వెళ్తుంది. గట్టిగా పరిగెత్తేటప్పుడు కండరాలకి రక్తం కావాలి, వేడి బయటికి పోవడానికి చర్మానికీ కావాలి, ఉన్నది మాత్రం అంతే. అందుకని శరీరం పేగుల వైపు వెళ్లే రక్తనాళాల్ని బిగిస్తుంది. తీవ్రంగా, ఎక్కువసేపు వ్యాయామం చేస్తే పేగులకి వెళ్లే రక్తం 80 శాతం దాకా తగ్గొచ్చు. రక్తం అంత తగ్గిన పేగు రెండు పనులు సరిగ్గా చెయ్యలేదు. లోపలికి వచ్చిన చక్కెరనీ నీళ్లనీ మామూలు వేగంతో పీల్చుకోలేదు, తన లోపలి పొరని తాను కాపాడుకోలేదు. పీల్చుకోని చక్కెర పేగులోనే ఉండి చుట్టుపక్కల నీళ్లని తన వైపు లాక్కుంటుంది, పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. నీళ్లు, గ్యాస్, పైనుంచి ప్రతి అడుగుకీ కుదుపు. సైకిల్ తొక్కేవాళ్ల కంటే పరిగెత్తేవాళ్లకి బొడ్డు కింది బాధలు ఎక్కువగా కనిపించడానికి ఈ కుదుపు ఒక కారణం.

ఎండ ఎక్కువైతే చర్మం వాటా పెరుగుతుంది. చెమట పోయి నీళ్లు తక్కువైతే మొత్తం రక్తమే కాస్త తగ్గుతుంది. రెండూ కలిసిన రోజు పేగుల పరిస్థితి ఇంకా అన్యాయం. అదే తిండి, అదే దూరం చల్లటి రోజు ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయి ఎండ రోజు ముంచెయ్యడం వింతేమీ కాదు. రేసు రోజు టెన్షన్ కూడా ఇదే దారిలో పనిచేస్తుంది, ప్రాక్టీస్‌లో ఏనాడూ రాని సమస్య స్టార్ట్ లైన్ దగ్గరే మొదలవుతుంది.

కారణం ఏదో కనిపెట్టడానికి అందరికీ ఒక గడియారం చాలు. బాధ ఎప్పుడు మొదలైంది, ఎక్కడ అనిపించింది, ఈ రెండూ రాసుకుంటే సగం పని అయిపోతుంది. మొదటి పదిహేను ఇరవై నిమిషాల్లోనే టాయిలెట్ తొందర వస్తే అది ఎక్కువసార్లు బయల్దేరే ముందు తిన్నదీ తాగిందీ పెద్దపేగుని లేపిన ఫలితం. పేగు ఖాళీ కాకుండానే ఇంట్లోంచి బయల్దేరారన్నమాట. కడుపులో నీళ్లు గుడగుడలాడటం, తేన్పులు, వికారం, ఇవి బొడ్డు పైన ఉండే బాధలు, జీర్ణాశయం ఇంకా ఖాళీ కాలేదని చెప్తాయి. గంటో గంటన్నరో దాటాక కింద మెలిపెట్టి మోషన్ తొందర వస్తే అనుమానం రక్తం తగ్గడం మీద, ఎండ మీద, దారిలో శక్తి కోసం తీసుకున్న చక్కెర జెల్స్ మీద పడాలి. పక్కటెముకల కింద ఒక వైపు సూదితో పొడిచినట్టు వచ్చి, వేగం తగ్గించగానే పోయేది మాత్రం వేరే సంగతి, డొక్కలో పోటు. దానికి మోషన్‌తో సంబంధం లేదు, ఈ రెండింటినీ కలిపేసి మందు వెతికితే ఏదీ పనిచెయ్యదు.

ఒక ఉదాహరణ తీసుకుని గడియారం పెట్టి చూద్దాం. 60 కిలోల బరువున్న ఒక రన్నర్, ఆదివారం పొద్దున 5:30కి మొదలయ్యే రెండున్నర గంటల లాంగ్ రన్. శనివారం రాత్రి 9:30కి భోజనం, పెద్ద గిన్నెడు పచ్చి కూరగాయల సలాడ్, పప్పుధాన్యాలు, ఆరోగ్యానికి మంచిదని. 5 గంటలకి అలారం. 5:05కి పాలు పోసిన పెద్ద కప్పు కాఫీ. 5:10కి ఒక అరటిపండు, ఒక ప్రొటీన్ బార్. 5:20కి "దారిలో నీళ్లు దొరకవు కదా" అని ముప్పావు లీటరు నీళ్లు ఒకేసారి. టాయిలెట్‌కి వెళ్లినా పని కాలేదు, టైమ్ అయిపోతోందని 5:30కి పరుగు మొదలు. 5:50కి కడుపులో నీళ్లు గుడగుడ. 6:15కి ఒక జెల్, దాన్ని మింగడానికి చేతిలో ఉన్న స్పోర్ట్స్ డ్రింక్. 6:40కి మొదటి మెలి. 6:50కి పరుగు ఆగిపోయింది.

ఈ మనిషి పెద్ద పొరపాటేదీ చెయ్యలేదు. అరడజను చిన్న పొరపాట్లు ఒకదాని మీద ఒకటి పేర్చాడు, అంతే. రాత్రి తిన్న పీచు పొద్దున్నకి పెద్దపేగు దగ్గరికి చేరుకుంటూ ఉంది, పీచు నీళ్లని పట్టుకుని మలాన్ని పెద్దది చేస్తుంది, మామూలు రోజున అదే దాని మంచితనం. కాఫీ కొందరిలో నాలుగైదు నిమిషాల్లోనే పెద్దపేగుని కదిలిస్తుంది (అందరిలో కాదు, కెఫీన్ తీసేసిన కాఫీ కూడా కొంతమందిలో ఈ పని చేస్తుంది). కాఫీ పంపిన సంకేతం, అరటిపండు పంపిన సంకేతం రెండూ పనిలోకి దిగి పేగు నిజంగా ఖాళీ అవ్వడానికి అరగంటో నలభై నిమిషాలో కావాలి, ఇక్కడ పాతిక నిమిషాలకే పరుగు మొదలైంది. అంటే టాయిలెట్‌లో అవ్వాల్సిన పని రోడ్డు మీదికి వాయిదా పడింది. ప్రొటీన్ బార్‌లో ప్రొటీన్, కొవ్వు, చాలాసార్లు తీపి కోసం వేసిన సార్బిటాల్ లాంటి షుగర్ ఆల్కహాల్ ఉంటాయి. మొదటి రెండూ జీర్ణాశయాన్ని నెమ్మది చేస్తాయి, మూడోది పేగులోకి నీళ్లని లాగుతుంది. ముప్పావు లీటరు నీళ్లు పది నిమిషాల్లో దిగవు. ఇక జెల్ మీద స్పోర్ట్స్ డ్రింక్ అంటే చక్కెర మీద చక్కెర. అంత చిక్కటి ద్రవం రక్తం తగ్గిన పేగులోకి వెళ్తే, దాన్ని పలచన చెయ్యడానికి శరీరమే తన నీళ్లని పేగులోకి వదులుతుంది. 6:40 మెలికి చివరి దెబ్బ అది.

ఇప్పుడు అదే ఆదివారాన్ని తిప్పి రాద్దాం. మార్పు పొద్దున మొదలవ్వదు, శనివారం మధ్యాహ్నం మొదలవుతుంది. లాంగ్ రన్‌కి ముందు ఒక రోజు పీచు తగ్గించడం, అంటే సలాడ్, పప్పుధాన్యాలు, పొట్టుతో ఉన్న గింజలు పక్కన పెట్టి తెల్లన్నం, తెల్ల బ్రెడ్, బంగాళదుంప, గుడ్డు లాంటివి తినడం. ఇది ఆరోగ్య సలహా కాదు, ఒక్క రోజు ఏర్పాటు. రోజూ ఇలా తింటే మలబద్ధకం కొత్త సమస్యగా తయారవుతుంది. పాలు పడనివాళ్లు ఈ ఒక్క రోజు పాలూ మానేస్తే మంచిది, పడుతుందనుకునేవాళ్లలో కూడా కొందరికి మామూలుగా ఏమీ కాని లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, పరుగులో మాత్రం ఇబ్బంది పెడుతుంది. రాత్రి భోజనం 7:30కి, కడుపు పగిలేలా కాకుండా. మారథాన్ ముందు రాత్రి కొండంత తినాలనే నమ్మకం ఒకటి ఉంది, అది పొద్దున టాయిలెట్ క్యూలో ఫలితం చూపిస్తుంది.

పొద్దున లేవడం 3:30కి. ఇది వినగానే చాలామంది ఇక్కడే చదవడం ఆపేస్తారు, కానీ ఈ వ్యాసంలో బేరం ఆడకూడని అంకె ఏదైనా ఉందంటే అది ఈ రెండు గంటలే. పరుగు ముందు తిండికి వాడే మామూలు లెక్క, గంట ముందైతే కిలో బరువుకి ఒక గ్రాము పిండిపదార్థం, రెండు గంటల ముందైతే రెండు గ్రాముల దాకా, నాలుగు గంటల ముందైతే నాలుగు దాకా. 60 కిలోలకి రెండు గంటల ముందు 120 గ్రాములు పైహద్దు. కడుపు సమస్య ఉన్నవాళ్లు సగం దగ్గర మొదలుపెట్టడం తెలివైన పని. తేనె రాసిన రెండు ముక్కల తెల్ల బ్రెడ్, ఒక అరటిపండు కలిపితే 60, 70 గ్రాముల దగ్గరికి వస్తుంది. కొవ్వు దాదాపు లేదు, ప్రొటీన్ నామమాత్రం, పీచు కొంచెమే. 3:40కి ఇది తినేసి, కాఫీ అలవాటు ఉంటే పాలు లేకుండా అప్పుడే తాగేస్తే, 4:15 నుంచి 4:45 మధ్య పెద్దపేగు తన పని చేసుకోవడానికి అడుగుతుంది. ఒకసారి వెళ్లాక కూడా ఇంకా ఏదో మిగిలినట్టు ఉంటే ఇంట్లోనే నాలుగు అడుగులు నడిచి, రెండు నిమిషాలు తేలికగా గెంతి, మళ్లీ వెళ్లాలి. చాలామందికి రెండోసారే అసలు పని అవుతుంది. ఇంటి చుట్టూ పది నిమిషాలు తేలికగా జాగ్ చేసి, తిరిగొచ్చి టాయిలెట్‌కి వెళ్లి, అప్పుడు అసలు పరుగు మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. చూడ్డానికి నవ్వొస్తుంది, పనిచేస్తుంది.

నీళ్ల లెక్క కూడా అదే గడియారం మీదే నడుస్తుంది. రెండు నుంచి నాలుగు గంటల ముందు కిలోకి 5 నుంచి 10 మిల్లీలీటర్లు అనేది క్రీడా పోషకాహార మార్గదర్శకాల్లో కనిపించే అంకె. మన రన్నర్‌కి 300 నుంచి 600 మిల్లీలీటర్లు. 3:30కి లేవగానే ఒక గ్లాసు, తిండితో ఇంకో గ్లాసు, అక్కడికి దాదాపు 400. మూత్రం లేత పసుపు రంగులో వస్తే చాలు, ఇంకా తాగాల్సిన పని లేదు. ఆఖరి అరగంటలో గొంతు తడవడానికి రెండు మూడు గుక్కలు, అంతకు మించి వద్దు. ముందే నిండా నింపుకుంటే దారిలో తాగక్కర్లేదు అనే ఆలోచన ఒంటెకి పనికొస్తుందేమో, మనిషికి మాత్రం ఎక్కువైన నీళ్లు కడుపులో గుడగుడలాడి, తర్వాత మూత్రంగా పోతాయి.

దారిలో ఎంత తాగాలో ఎవరికి వాళ్లు కొలుచుకోవాలి. పరుగుకి ముందు, తర్వాత బట్టలు లేకుండా బరువు చూసుకుంటే ఒక కిలో తగ్గడం అంటే సుమారు లీటరు చెమట, దానికి దారిలో తాగినంత కలపాలి. కోల్పోయినదంతా తిరిగి పొయ్యాలని చూడొద్దు, కొంచెం తక్కువే ఉంచాలి. పరుగు ముగిసేసరికి బరువు మొదటికంటే పెరిగిందంటే అవసరానికి మించి తాగినట్టు, అది కడుపు సమస్యని దాటి రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోయే దాకా వెళ్లగలదు. నెమ్మదిగా ఎక్కువ గంటలు పరిగెత్తేవాళ్లు, ప్రతి నీళ్ల స్టాల్ దగ్గరా ఆగేవాళ్లు దీని బారిన ఎక్కువగా పడతారు.

జెల్ సంగతికి వస్తే నియమం ఒక్కటే, జెల్‌తో నీళ్లు, స్పోర్ట్స్ డ్రింక్‌తో ఏమీ వద్దు. ఒక జెల్‌లో సాధారణంగా 20 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, దాన్ని పేగు పీల్చుకోగలిగేంత పలచన చెయ్యడానికి ఒక గ్లాసుకి దగ్గరగా నీళ్లు కావాలి, అవి కూడా ఒక్క గటగటలో కాకుండా నాలుగైదు నిమిషాల్లో. జెల్‌ని కూడా సగం ఇప్పుడు, సగం పది నిమిషాలకి తీసుకుంటే ఇంకా మంచిది. కొద్దికొద్దిగా లోపలికి పడే చక్కెర పేగుకి కాస్త రక్తం వచ్చేలా చేస్తుంది, అందుకే కడుపు భయంతో రెండున్నర గంటలు ఏమీ తినకుండా పరిగెత్తడం సమస్యకి పరిష్కారం కాదు. ఇంకో మెలిక ఉంది. చిన్నపేగు గోడలో గ్లూకోజ్‌ని లోపలికి తీసుకునే ద్వారం గంటకి సుమారు 60 గ్రాముల దగ్గర నిండిపోతుంది, ఫ్రక్టోజ్‌కి వేరే ద్వారం ఉంది. గంటకి 60 దాటాలనుకునేవాళ్లు రెండూ కలిసిన జెల్స్ వాడేది అందుకే. కానీ ఫ్రక్టోజ్ ఒక్కటే ఎక్కువగా ఉన్న పండ్ల రసం లాంటిది చాలామంది పేగు తట్టుకోలేదు. రెండున్నర గంటల ఆదివారం పరుగుకి గంటకి 30, 40 గ్రాములు సరిపోతాయి, 90 గురించి ఆలోచించాల్సింది పోటీ కోసం గట్టిగా పరిగెత్తేవాళ్లు.

పేగుకి కూడా ప్రాక్టీస్ కావాలి. పరుగులో తినడం అలవాటు లేని పేగు మొదటిసారి జెల్‌ని చూసి కంగారుపడుతుంది, రెండు మూడు వారాలు ప్రతి లాంగ్ రన్‌లోనూ అదే జెల్, అదే టైమ్‌కి, మొదట సగం, తర్వాత పూర్తిగా ఇస్తూ పోతే ఖాళీ చేసే వేగమూ పీల్చుకునే శక్తీ రెండూ మెరుగవుతాయి. ఒక్కో వారం ఒక్కటే మార్చాలి. కాఫీ, పాలు, జెల్, రాత్రి భోజనం అన్నీ ఒకేసారి మార్చేసి బాగుపడితే, ఏది మార్చినందుకు బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

సాయంత్రం పరిగెత్తేవాళ్లకి ఈ గోల కొంత తక్కువ, పొద్దున్నే పేగు ఖాళీ అయ్యే అవకాశం వాళ్లకి ఎక్కువ. సాయంత్రం 6కి మొదలయ్యే పరుగుకి మధ్యాహ్న భోజనం 1 లోపు ముగించి, 4 గంటలకి చిన్నగా ఏదైనా పిండిపదార్థం తింటే చాలు. వాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఆఫీసులో రోజంతా నీళ్లు తాగడం మర్చిపోయి, 5:30కి ఒక సీసా మొత్తం తాగేసి బయల్దేరడం వల్ల.

మాత్రల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే జేబులో ఇబుప్రోఫెన్ వేసుకుని పరిగెత్తేవాళ్లు తక్కువేమీ లేరు. కాళ్ల నొప్పి రాకుండా ముందే వేసుకునే ఈ రకం నొప్పిమాత్రలు, అప్పటికే రక్తం తక్కువైన పేగు పొరని ఇంకా దెబ్బతీస్తాయి. ఎండలో, నీళ్లు తగ్గిన శరీరంలో కిడ్నీలకీ మంచిది కాదు. కడుపు సమస్య ఉన్న రన్నర్ ముందుగా ఆపాల్సింది ఇదే. మోషన్స్ ఆపే లోపెరమైడ్ కొందరు రేసు రోజు వేసుకుంటారు. ఎప్పుడో ఒకసారి డాక్టర్‌ని అడిగి వాడటం వేరు, ప్రతి ఆదివారం వేసుకోవడం వేరు. మెగ్నీషియం మాత్రలు, ఎక్కువ డోసు విటమిన్ సి కూడా మోషన్‌ని పలచన చేస్తాయి, ఎవరూ వాటిని అనుమానించరు.

అన్ని కడుపు బాధలూ పరుగు వల్ల వచ్చినవే అనుకోకూడదు. మలంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, పరుగు ఆగిపోయాక గంటలు గడిచినా నొప్పి తగ్గకపోయినా, జ్వరం తోడైనా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, రక్తం మరీ తగ్గిపోతే పెద్దపేగు గోడ నిజంగానే దెబ్బతిని రక్తం కారే పరిస్థితి అరుదుగా రన్నర్లలో కనిపిస్తుంది. పరుగు లేని రోజుల్లో కూడా మోషన్స్ పలచగా ఉండటం, రాత్రి నిద్రలోంచి లేపేంత తొందర రావడం, బరువు తగ్గిపోవడం, ఇవి భోజనం టైమింగ్ మార్చి సరిచేసేవి కావు.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకసారి మధ్యదారిలో మెలి వస్తుంది. అప్పుడు పళ్లు బిగించి వేగం పెంచి "త్వరగా ఇంటికి చేరిపోదాం" అనుకోవడం అందరికీ సహజంగా తట్టే ఆలోచన, అదే తప్పు కూడా, ఎందుకంటే వేగం పెరిగితే పేగుకి రక్తం ఇంకా తగ్గుతుంది. నడకకి దిగిపోవాలి, మూడు నాలుగు నిమిషాలు. మెలి అలలా వస్తుంది కాబట్టి చాలాసార్లు ఆ అల దాటిపోతుంది, టాయిలెట్ దాకా వెళ్లడానికి టైమ్ దొరుకుతుంది. ఆ తర్వాత పరిగెత్తగలిగినా పది పదిహేను నిమిషాలు జెల్, స్పోర్ట్స్ డ్రింక్ ఏవీ ముట్టుకోకుండా నీళ్లు ఒక్కో గుక్క చొప్పున తాగుతూ, మాటలు ఆగకుండా మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి. మెలి మళ్లీ వచ్చిందంటే ఆ రోజుకి మిగతా దూరం నడకే.